వాట్సాప్ అపాయింట్‌మెంట్‌లో పాత బటన్ చిక్కు

వాట్సాప్ బిజినెస్‌లో టెంప్లేట్ కాని సందేశం కింద జవాబు బటన్లు మూడుకు మించి పెట్టడానికి వీల్లేదు. పళ్ల డాక్టరు క్లినిక్‌కు "బుక్ చేయండి", "మార్చండి", "రద్దు చేయండి" అన్నవి చాలు. ఖాళీ వేళలు చూపడానికి మాత్రం పది వరుసల దాకా పట్టే జాబితా సందేశం వాడాలి.

బటన్ నొక్కితే పైకి కనిపించే మాటతో పాటు `cancel_512_v1` లాంటి గుర్తు కూడా క్లినిక్ సిస్టమ్‌కు చేరుతుంది. అసలు చిక్కు ఇక్కడే. మంగళవారం అపాయింట్‌మెంట్‌ను గురువారానికి మార్చుకున్న మనిషి, చాట్‌లో పైకి వెళ్లి పాత సందేశంలోని "రద్దు చేయండి" నొక్కవచ్చు. గుర్తులో `v1` ఉంది కాబట్టి సిస్టమ్ అది పాతదని పట్టుకుని, గురువారానిదే రద్దు చేయాలా అని అడగగలదు. అపాయింట్‌మెంట్ నంబరు ఒక్కటే ఉంటే కొత్త వేళ చెప్పకుండానే పోతుంది.

ఆ మనిషి చివరి సందేశానికి 24 గంటలు దాటితే, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్‌తోనే గుర్తుచేయాలి.