పైజామా ప్యాంటు ఎవరికి?

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఒక పెద్ద బట్టల దుకాణం. అమెరికా కోటీశ్వరుడు ఒకాయన వచ్చి, పైజామా సెట్టులో చొక్కా ఒక్కటే కావాలంటాడు. పడుకునేటప్పుడు ఆయన ప్యాంటు వేసుకోడు, వేసుకోనిదానికి డబ్బెందుకు ఇవ్వాలన్నది ఆయన వాదన. సెట్టు విడదీయడం కుదరదని అమ్మే కుర్రాడు మొండికేస్తాడు. తగువు పైఅధికారి దగ్గరికి, అక్కణ్ణుంచి యజమాని ఇంటికి ఫోనులో పోతుంది. యజమాని మంచం దిగి వస్తే ఆయన ఒంటి మీదా చొక్కా ఒక్కటే! అయినా కుదరదనే అంటాడు. ఈలోగా పక్కనుంచి ఒకమ్మాయి గొంతు వినిపిస్తుంది, ఆ ప్యాంటు తను కొంటానని.

ఇది 1938లో ఎర్నస్ట్ లూబిచ్ తీసిన ‘బ్లూబియర్డ్స్ ఎయిత్ వైఫ్’ సినిమా. గ్యారీ కూపర్, క్లాడెట్ కోల్బర్ట్ జంట. రాసింది చార్లెస్ బ్రాకెట్, బిల్లీ వైల్డర్. ప్రేమ హాస్యకథల్లో నాయికా నాయకులు చిత్రంగా ఎదురుపడే ఇలాంటి సన్నివేశాన్ని హాలీవుడ్ వాళ్లు ‘మీట్-క్యూట్’ అంటారు. 2006లో వచ్చిన ‘ది హాలిడే’లో ముసలి రచయిత పాత్ర కథానాయికకు దీని గురించి చెబుతూ ఈ పైజామా కథనే ఉదాహరణగా ఎత్తుకుంటుంది.

ఇందులో తమాషా ఉందని ఎవరైనా ఒప్పుకుంటారు. పనితనం మాత్రం వేరేచోట ఉంది. ఇద్దరూ ఒకే సమయానికి దుకాణానికి రావడం యాదృచ్ఛికం, అక్కడితో యాదృచ్ఛికం సరి. ఆపైన జరిగేదంతా వాళ్ల స్వభావం వల్లే జరుగుతుంది. కోటీశ్వరుడై ఉండీ సగం ధరకు బేరమాడే మొండితనం అతనిది. ముక్కూ మొహం తెలియని మనిషి తగువులో చొరవగా దూరి దాన్ని తేల్చేసే తెలివి ఆమెది. ఒకరు లేకపోతే ఇంకొకరి పని జరగదు. పైగా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆడపిల్లకు మగవాళ్ల ప్యాంటు ఎవరి కోసం? వాళ్ల నాన్న కోసమని తర్వాత తెలుస్తుంది, కానీ అప్పటిదాకా అతనికి కుదురుండదు. ఇప్పటికే ఏడు పెళ్లిళ్లు చేసుకున్న మనిషి అతను, భార్యనూ బేరమాడి తెచ్చుకోవచ్చనుకునే రకం. సినిమా మొత్తం నడిచేది ఈ జబ్బు మీదే. మొదటి పది నిమిషాల్లో పైజామా బేరంలోనే అది బయటపడింది.

మన దగ్గర 2016లో తరుణ్ భాస్కర్ ‘పెళ్లిచూపులు’లో ఇంత పనీ ఒక తలుపు చేత చేయించాడు. అబ్బాయి పొరపాటున వేరే ఇంటికి పెళ్లిచూపులకు వస్తాడు, మాట్లాడుకోమని పంపిన గదిలో తలుపు బిగుసుకుపోతుంది. పెళ్లి ఇష్టం లేని ఇద్దరికి ఇక మాట్లాడుకోక తప్పదు. వానలో అమ్మాయి నడుస్తుంటే దూరం నుంచి అబ్బాయి నోరు తెరుచుకుని చూడటం, వెనక వయొలిన్లు మోగడం నా లెక్కలో కలయికే కాదు. అక్కడ ఒకరు చూస్తున్నారు, రెండోవారికి సంగతే తెలియదు. తర్వాత వెంటపడటంతో కథ నెట్టుకురావలసిన అవస్థ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కొత్తది ఒకటి అల్లి చూద్దాం. బస్సులో చిల్లర లేక కండక్టరు ఇద్దరికి కలిపి ఒకే నోటు చేతిలో పెట్టి ‘పంచుకోండి’ అనడం మనందరికీ అనుభవమే. చెరి వంద రావలసిన ఇద్దరికి రెండు వందల నోటు ఇచ్చాడనుకోండి. (పల్లెవెలుగుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి వీళ్లను డీలక్సు ఎక్కించాలి.) ఇంతవరకే రాస్తే దిగాక టీకొట్టులో నోటు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. ఈ జంటను తీసేసి ఇంకే ఇద్దర్ని కూర్చోబెట్టినా సీను అలాగే జరుగుతుందంటే అది ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

అందుకని మనుషుల్ని మారుద్దాం. అతనికి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు వేయించుకున్నవాళ్లంతా బాకీ, అయినా నోరు తెరిచి అడగలేడు. ఆమె చీటీల కంపెనీలో వసూళ్లు చూస్తుంది, ఒకరి రూపాయి తన దగ్గరుంటే నిద్రపట్టదు. నోటు ఆమె చేతికొచ్చింది. అతని స్టాపు వచ్చింది, అడగడానికి మొహమాటపడి దిగిపోయాడు. ఆమె స్టాపు ఇంకా దూరం, అయినా దిగి వెంటపడింది.

“ఏవండీ, మీ వంద!”

“పర్వాలేదండీ, ఉంచండి.”

“ఉంచుకోడానికి నేనేమైనా అడుక్కున్నానా?”

ఇప్పుడు తగువు పుట్టింది. మంచితనం అనుకుని అతనన్న మాట ఆమెకు అవమానమైంది. ఇక్కడ వాన కురిపించకూడదు, పుస్తకాలు కింద పడేయకూడదు. రెండో యాదృచ్ఛికం వచ్చిందంటే ప్రేక్షకుడికి రచయిత చెయ్యి కనిపించిపోతుంది.

సీను ఎక్కడ ఆపాలన్నది చివరి చిక్కు. చిల్లర దొరికితే లెక్క తీరిపోతుంది, మళ్లీ కలవడానికి కారణం ఉండదు. కాబట్టి దొరకనివ్వకూడదు. ఆమె విసిగిపోయి రెండు వందల నోటూ అతని చేతిలోనే పెట్టి, ప్రెస్సు అడ్రసు రాసుకుని, సోమవారం వసూలుకు వస్తానని చెప్పి తర్వాతి బస్సు ఎక్కేస్తుంది. ఊరంతా తనకు బాకీ ఉన్న మనిషి, వసూళ్ల మనిషికి వంద రూపాయలు బాకీ పడ్డాడు.