ఆరు బడులు, ఆరు గీతలు

ఒక మండలంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో జూన్‌లో తొమ్మిదో తరగతికి లెక్కల పరీక్ష పెట్టారనుకుందాం. తర్వాత రోజూ సాయంత్రం ప్రత్యేక తరగతులు నడిపి, నవంబరులో ఆ పిల్లలకే మళ్లీ పరీక్ష పెట్టారు. ఆరు బడుల సగటు 51 నుంచి 57కు పెరిగింది. సమీక్షా సమావేశంలో ఈ ఒక్క అంకె చదివితే అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్తారు.

బడుల వారీగా చూస్తే కథ వేరు. స్టేషన్ రోడ్డు బడి 70 నుంచి 71కి చేరింది. రామాలయం వీధి బడి 55 నుంచి 63కు, చెరువుగట్టు బడి 46 నుంచి 62కు, పాతపేట బడి 40 నుంచి 48కి, గుట్టకింద బడి 31 నుంచి 46కు పెరిగాయి. సంత వీధి బడి మాత్రం 64 నుంచి 52కు పడిపోయింది. వీటిని బార్ గ్రాఫ్‌గా గీస్తే పన్నెండు బార్లు వస్తాయి. అందులో ఒక జత మాత్రమే కిందికి దిగిందని గుర్తించాలంటే ఒక్కో జతనూ విడిగా పోల్చి చూడాలి.

స్లోప్ చార్ట్‌కు ఆ శ్రమ అక్కర్లేదు. ఎడమన జూన్‌కు ఒక నిలువు వరుస, కుడిన నవంబరుకు మరొకటి, రెండింటికీ ఒకే కొలత. ప్రతి బడికీ ఆ చివర ఒక చుక్క, ఈ చివర ఒక చుక్క, మధ్యలో ఒక గీత. అంతే. సంత వీధి గీత రెండు గీతలను దాటుకుంటూ కిందికి జారడం, ఆ బడి రెండో స్థానం నుంచి నాలుగుకు చేరడం చూడగానే తెలుస్తాయి. అమెరికా పండితుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి పటం ఉంది. స్థూల దేశీయోత్పత్తిలో ప్రభుత్వాల రాబడి ఎంత శాతమో 1970కీ 1979కీ మధ్య పదిహేను దేశాలను పోల్చి చూపాడు. స్వీడన్ 46.9 నుంచి 57.4కు ఎగబాకితే, బ్రిటన్ 40.7 నుంచి 39కి దిగింది. పదిహేను గీతల్లో దిగింది అదొక్కటే.

దీన్ని ఎక్సెల్‌లోనే గీయవచ్చు. మొదటి నిలువు వరుసలో బడుల పేర్లు, పక్కన జూన్ మార్కులు, ఆ పక్కన నవంబరు మార్కులు వేసి `Line with Markers` ఎంచుకోవాలి. మన ఉదాహరణలో ముందుగా ఆరేసి చుక్కలతో రెండే గీతలు వస్తాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. `Chart Design`లో `Switch Row/Column` నొక్కితే ఆరు గీతలవుతాయి. రంగుల పట్టిక తీసేసి, బడి పేరూ మార్కూ గీత చివరనే రాయాలి. గీతలన్నీ బూడిద రంగులో ఉంచి, మాట్లాడదలచుకున్న ఒకటి రెండింటికే రంగు వేయాలి. కుడివైపు 62, 63 పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పేర్లు ఒకదానిపై ఒకటి పడతాయి. అప్పుడు పేరునే కొద్దిగా పైకో కిందికో జరపాలి తప్ప చుక్కను కదపకూడదు.

గీత వాలును చూసి తొందరపడకూడదు కూడా. పటాన్ని సన్నగా, పొడుగ్గా చేస్తే రెండు మార్కుల పెరుగుదల కూడా కొండెక్కినట్టే కనిపిస్తుంది. అందుకే చివరనున్న అంకెలను తప్పక చదవాలి. గీతలన్నీ దాదాపు ఒకే వాలుతో లేచాయంటే రెండో ప్రశ్నపత్రం తేలికగా వచ్చిందేమోనని ముందు అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది గుట్టకింద బడి లాంటి గీత. అట్టడుగు నుంచి పదిహేను మార్కులు లేచిన ఆ బడికే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ అక్కడ తొమ్మిదో తరగతిలో పదకొండు మందే ఉన్నారనుకోండి. జూన్‌లో జ్వరంతో పరీక్ష సరిగా రాయలేని ఒక్క పిల్లవాడు నవంబరులో 55 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే చాలు, బడి సగటు 5 పెరిగిపోతుంది. మొదటిసారి మరీ అడుగున నిలిచినవాళ్లలో కొందరికి ఆ రోజు కలిసిరాలేదు. మరీ పైనున్నవాళ్లలో కొందరికి ఆ రోజు కలిసొచ్చింది. రెండోసారికి రెండు వర్గాలూ సగటు వైపు జరుగుతాయి. తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ఇదే ధోరణిని చూపాడు. బోధనలో ఏ మార్పూ లేకపోయినా కింది గీతలు లేస్తాయి, పై గీతలు వాలతాయి.

సంత వీధి గీతకూ ఇదే పరీక్ష పెట్టాలి. అక్కడ తొంభై మంది పిల్లలుంటే పన్నెండు మార్కుల పతనాన్ని అదృష్టం మీదికి నెట్టలేం. లెక్కల మాస్టారు బదిలీ అయ్యారా, ప్రత్యేక తరగతులు అసలు జరిగాయా అని వెళ్లి కనుక్కోవాల్సిందే. గీత ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది కానీ కారణం చెప్పదు.

కాబట్టి ఇలాంటి పటం గీసేవారు బడి పేరు పక్కన రెండు పరీక్షలూ రాసిన పిల్లల సంఖ్య కూడా వేయాలి. ఆ సంఖ్య లేని పటం మీ ముందుకొస్తే, బడులకు మంచి చెడుల ముద్ర వేసే ముందు దాన్ని అడిగి తెప్పించుకోండి.