గోడ మీద బయటపడ్డ లోపం

హైదరాబాద్‌లో డిజైన్ చదువుతున్న ఒక అమ్మాయి బస్టాండు కోసం టైంటేబుల్ పోస్టర్ వేసింది. కంప్యూటర్ తెరపై ముచ్చటగా ఉంది. స్టూడియో సమీక్షలో మేడమ్ దాన్ని గోడకు అంటించి, ఆమెను ఆరడుగుల దూరంలో నిలబెట్టి, "చదవమ్మా" అన్నారు. తడబడింది. "ఇది ప్రయాణికుల కోసం వేసింది కాదు, నీ కోసం వేసుకున్నది" అని అందరి ముందే అనేశారు.

ఆ రాత్రి ఏడ్చింది, ఆ తర్వాత కారణం వెతికింది. 24 పాయింట్ల అక్షరాలకు వరుసల దూరం 28 పాయింట్లే ఇచ్చింది. ఇంగ్లిషుకు అది చాలు. తెలుగులో మాత్రం పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగిలాయి. దూరాన్ని 38కి పెంచి, చోటు కోసం బొమ్మను తీసేసింది.

ఇప్పుడామె రంగుల జోలికి వెళ్లకముందే అసలు సైజులో నలుపు తెలుపు ప్రింటు తీసి, కొత్తవాళ్లతో చదివిస్తోంది. తెలుగు పోస్టర్ వేసే ఎవరైనా ముందు పెట్టాల్సిన పరీక్ష ఇదే.