మూడు వరుసల ఫారం 16

మా పక్క ఫ్లాట్ అమ్మాయి జూన్ నెలలో ఒక సాయంత్రం ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది. "అంకుల్, మీరు పేరోల్‌లో చేశారు కదా, ఇది ఒకసారి చూడండి. మా ఆఫీసు వాళ్లు నా టీడీఎస్ తినేశారేమో అనిపిస్తోంది" అంది. ఫోన్‌లో ఆమె ఫారం 16 ఉంది, 2024-25 ఆర్థిక సంవత్సరానిది. జీతంలోంచి కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ అది. ఏటా జూన్ 15 లోపు ఇవ్వాలి.

ఎవరూ ఏమీ తినలేదు. కానీ ఆ కాగితంలో తప్పు మాత్రం ఉంది, అదీ పెద్దదే. దాన్ని సరిచేయమంటూ అప్పటికే ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టానని చూపించింది. "నా ఫారం 16లో వివరాలు తప్పుగా ఉన్నాయి. దయచేసి సరిచేసి వెంటనే పంపగలరు." అంతే, రెండు వాక్యాలు. ఇలాంటి మెయిళ్లు జూన్, జూలైల్లో నా టేబుల్ మీదికి రోజుకు పదీ పదిహేనూ వచ్చేవి. అన్నింటికీ నా జవాబు ఒకటే: ఏ వివరాలు తప్పో తెలపగలరు. అలా ఒక వారం గడిచిపోయేది.

ఫారం 16లో రెండు భాగాలుంటాయి. పార్ట్ ఎ లో ఏ త్రైమాసికంలో ఎంత జీతం ఇచ్చారు, ఎంత పన్ను కోశారు, ఎంత ప్రభుత్వానికి కట్టారు అన్నది ఉంటుంది. పార్ట్ బి లో ఏడాది మొత్తం జీతం, మినహాయింపులు, పన్ను లెక్క ఉంటాయి. ఆ అమ్మాయి జీతం నెలకు 1,03,500 రూపాయలు. కొత్త పన్ను విధానం ఎంచుకుంది. నెలకు 6,500 చొప్పున, మార్చిలో మాత్రం 6,550, ఏడాదికి 78,050 రూపాయలు కోశారు. పన్నెండు పే స్లిప్పులూ కూడితే అంతే వస్తోంది. పార్ట్ ఎ లో మాత్రం 58,550 అని ఉంది.

తేడా 19,500. మూడు నెలల పన్ను. పార్ట్ ఎ లో నాలుగు వరుసలు ఉండాల్సిన చోట మూడే ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే మూడో త్రైమాసికం వరుసే లేదు.

పార్ట్ బి తిప్పి చూశాను. అక్కడ ఏడాది జీతం 12,42,000 అని సరిగ్గానే ఉంది. పార్ట్ ఎ లోని మూడు వరుసల జీతం కూడితే 9,31,500 మాత్రమే. ఒకే సర్టిఫికెట్‌లో రెండు పేజీలు ఒకదాన్నొకటి కాదంటున్నాయి. ఫారం 16 చేతికి రాగానే పే స్లిప్పుల జోలికి పోకముందే ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నిమిషం పని.

మరి ఒక వరుస ఎలా మాయమైంది? చాలామంది అనుకున్నట్టు ఫారం 16ని కంపెనీలో ఎవరో కూర్చుని టైప్ చేయరు. కంపెనీ మూడు నెలలకోసారి 24క్యూ అనే టీడీఎస్ రిటర్న్ వేస్తుంది. అందులో ఒక్కో ఉద్యోగి పాన్ ఎదుట అతని జీతం, పన్ను, ఆ పన్ను కట్టిన చలానా ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఉండే చివరి త్రైమాసికం రిటర్న్‌లో వీటితోపాటు ఏడాది మొత్తం జీతం వివరాలు కూడా వెళ్తాయి. ఆదాయపు పన్ను శాఖకు ట్రేసెస్ అని ఒక పోర్టల్ ఉంది. ఒక పాన్ మీద ఏమేం నమోదయ్యాయో అది పోగుచేసి ఫారం 16గా ఇస్తుంది. కంపెనీ దాన్ని డౌన్‌లోడ్ చేసి సంతకం పెట్టి మనకు పంపుతుంది. పార్ట్ ఎ త్రైమాసిక రిటర్న్‌ల నీడ. రిటర్న్‌లో లేనిది అందులోకి రాదు.

అంటే మూడో త్రైమాసికం రిటర్న్‌లో ఆమె పాన్ ఎదుట ఏమీ లేదు. "అక్టోబరులో మీ ఆఫీసులో ఏమైనా మారిందా?" అని అడిగాను. "కొత్త పేరోల్ సాఫ్ట్‌వేర్ పెట్టారు అంకుల్. మా అందరి వివరాలూ మళ్లీ ఎక్కించారు" అంది. చిక్కుముడి అక్కడే ఉందని నా అనుమానం. పాన్‌లో ఒక అంకె అటూఇటూ అయినా ఆ వరుస ఆమెకు చేరదు.

26ఏఎస్ కూడా డౌన్‌లోడ్ చేయించాను. ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో మన లాగిన్‌తోనే వస్తుంది. మన పాన్ మీద ప్రభుత్వం దగ్గర ఎంత పన్ను జమ ఉందో చూపే పాస్‌బుక్ లాంటిది. అక్కడా 58,550 మాత్రమే. ఫారం 16లో ఏం రాసి ఉన్నా, రిటర్న్ వేసినప్పుడు శాఖ కంప్యూటరు సరిచూసుకునేది ఈ లెక్కతోనే. ఇప్పుడు ఆమె 78,050 అని వేస్తే 19,500కు వడ్డీతో సహా డిమాండు నోటీసు రావచ్చు. 58,550 అని వేస్తే తన జేబులోంచి పోయిన పన్ను మళ్లీ కట్టాలి.

అందుకే మెయిల్‌లో అడగాల్సింది "ఫారం 16 సరిచేయండి" అని కాదు. "మూడో త్రైమాసికం 24క్యూకి కరెక్షన్ వేయండి" అని. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. ఆమె ఇంగ్లిషులో పంపింది, తెలుగులో అయితే ఇలా ఉంటుంది:

"పేరోల్ విభాగానికి,
విషయం: 2024-25 ఫారం 16, పార్ట్ ఎ లో మూడో త్రైమాసికం టీడీఎస్ రూ. 19,500 కనిపించకపోవడం.

నా ఎంప్లాయీ నంబరు పైన ఇచ్చాను. 2024 అక్టోబరు, నవంబరు, డిసెంబరు జీతాల నుంచి నెలకు రూ. 6,500 చొప్పున రూ. 19,500 టీడీఎస్ కోశారు. మీరు ఇచ్చిన ఫారం 16 పార్ట్ ఎ లో ఆ త్రైమాసికం వరుస లేదు. పార్ట్ ఎ లో మొత్తం జీతం రూ. 9,31,500 ఉండగా పార్ట్ బి లో రూ. 12,42,000 ఉంది. ఈ రోజు తీసుకున్న 26ఏఎస్‌లో కూడా ఆ మొత్తం జమ కాలేదు.

మూడో త్రైమాసికం 24క్యూలో నా ఎంప్లాయీ నంబరు ఎదుట ఏ పాన్ నమోదైందో చూసి, నా పాన్ కార్డుతో సరిపోల్చగలరు. తేడా ఉంటే కరెక్షన్ స్టేట్‌మెంట్ వేసి, దాని టోకెన్ నంబరు, తేదీ తెలియజేయగలరు. అది ప్రాసెస్ అయ్యాక ట్రేసెస్ నుంచి కొత్త ఫారం 16 ఇవ్వగలరు.

జతపరిచినవి: మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16, 26ఏఎస్, పాన్ కార్డు కాపీ."

కోపం లేదు, చట్టం సెక్షన్లు లేవు, పై అధికారులెవరికీ సీసీ లేదు. పాన్ నంబరు మెయిల్ బాడీలో రాయనివ్వలేదు. కార్డు కాపీ అటాచ్‌మెంట్‌గా ఉంది, దానికి పాస్‌వర్డు పెట్టించాను. పేరోల్ హెల్ప్‌డెస్క్ మెయిళ్లు ఎంతమంది చదువుతారో నాకు తెలుసు.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. "మీ ఫారం 16 సరిచేశాం, జతపరిచాం." తెరిస్తే నాలుగు వరుసలున్నాయి! అమ్మాయి సంతోషంగా తలుపు కొట్టింది. నాకు మాత్రం అనుమానం. కరెక్షన్ వేస్తే ప్రాసెస్ కావడానికే రోజులు పడుతుంది. పార్ట్ ఎ పైన సర్టిఫికెట్ నంబరు, దాని పక్కన చివరిసారి మార్చిన తేదీ ఉంటాయి. రెండు పీడీఎఫ్‌లలోనూ అవి ఒకటే. కంపెనీలో ఎవరో కుర్రాడు పాపం మంచి ఉద్దేశంతోనే పాత పీడీఎఫ్‌లో ఒక వరుస అతికించాడు. 26ఏఎస్ మళ్లీ తీశాం, అదే 58,550. ఆ పీడీఎఫ్ ఎందుకూ పనికిరాదు. పైగా అలాంటి కాగితం పట్టుకుని ఎవరైనా రిటర్న్ వేస్తే చిక్కుల్లో పడతారు.

రెండో మెయిల్ మూడే వాక్యాలు. పంపినందుకు థాంక్స్. సర్టిఫికెట్ నంబరు, తేదీ మారలేదు, 26ఏఎస్‌లో కూడా జమ రాలేదు. కరెక్షన్ స్టేట్‌మెంట్ టోకెన్ నంబరు పంపగలరు. ఈసారి పేరోల్ మేనేజరే ఫోన్ చేశాడు. పాన్‌లోని నాలుగు అంకెల్లో చివరి రెండూ 86 బదులు 68గా పడ్డాయి. నాలుగో త్రైమాసికానికి ఎవరో గమనించి మాస్టర్‌లో సరిచేశారు గానీ, అప్పటికే వెళ్లిపోయిన మూడో త్రైమాసికం రిటర్న్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

కంపెనీకి ఇందులో ఇంకో తలనొప్పి కూడా ఉంది. పాన్ చివరి అక్షరం ముందున్నవాటి మీద లెక్కగట్టి పెట్టేది. అందువల్ల అంకెలు తారుమారైతే చాలాసార్లు అది ఎవరి పాన్‌గానూ తేలదు. చెల్లని పాన్ అయితే 20 శాతం కోయాల్సిందని శాఖ లెక్క వేస్తుంది. ఆ మూడు నెలల జీతం 3,10,500 మీద 20 శాతం అంటే 62,100. కోసిన 19,500 పోగా 42,600 తక్కువైందని కంపెనీకే నోటీసు వెళ్తుంది. వెళ్లింది కూడా. ఎవరి ఇన్‌బాక్స్‌లోనో చదవకుండా పడి ఉందట. పాన్ సరిదిద్దితే ఆ డిమాండు దానంతటదే పోతుంది. డబ్బు ఎప్పుడో కట్టేశారు కాబట్టి కొత్తగా రూపాయి కట్టక్కర్లేదు. తప్పు పాన్ నిజంగా ఇంకొకరిదైతే మాత్రం ఎవరికీ నోటీసు రాదు. ఆ 19,500 వాళ్ల 26ఏఎస్‌లో చడీచప్పుడు లేకుండా కూర్చుంటుంది. అది ఇంకా కష్టం.

అన్ని తప్పులకూ ఇదే మందు కాదు. పార్ట్ ఎ లో పేరు స్పెల్లింగ్ తప్పుంటే అది పాన్ డేటాబేస్ నుంచి వచ్చిందే. పాన్ కార్డులో మార్పించుకోవాలి, పేరోల్‌ను తిట్టి లాభం లేదు. పాత విధానంలో ఉండి ఇంటద్దె రసీదులు టైముకు ఇవ్వక మినహాయింపు పోయినవాళ్లు కూడా ఫారం 16 మార్చమని అడుగుతుంటారు. అది కంపెనీ తప్పు కాదు. అర్హత ఉంటే రిటర్న్‌లో సొంతంగా చూపించుకోవచ్చు. ప్రభుత్వ టీచర్లకైతే పేరోల్ టీం ఉండదు, ఉత్తరం డీడీఓకి వెళ్లాలి. అడగాల్సింది మాత్రం అదే, 24క్యూ కరెక్షన్. కంపెనీ ఎంతకీ కదలకపోతే 1961 చట్టంలో 205 సెక్షన్ ఉంది. జీతంలోంచి కోసేసిన పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ వసూలు చేయకూడదని అది చెబుతుంది. నోటీసుకు జవాబుగా పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి ఆ మాట అడగొచ్చు. పని జరుగుతుంది గానీ, చెప్పులరిగాక. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి, ఆ తర్వాతి జీతాలకు సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు వేరు.

టోకెన్ నంబరు జూన్ ఆఖరి వారంలో వచ్చింది. ఆ ఏడాది రిటర్న్‌ల గడువు సెప్టెంబరు దాకా పెంచారు కాబట్టి తొందరపడొద్దన్నాను. జూలై రెండో వారంలో 26ఏఎస్ తీస్తే 78,050 కనిపించింది. తర్వాత వచ్చిన ఫారం 16 మీద తేదీ మారింది, వరుసలు నాలుగు. అప్పుడు రిటర్న్ వేసింది.

ఆగస్టులో లిఫ్టు దగ్గర కనిపిస్తే, "ఈ ఏడాది ఏప్రిల్-జూన్ వరుస వచ్చిందా?" అని అడిగాను. "నిన్ననే చూశా అంకుల్, వచ్చింది" అంది.