విడదీస్తే తెలిసే ఫ్రెంచి మాట

ఫ్రాన్స్‌లో మంచమో బీరువానో కొంటే చాలాసార్లు అది ముక్కలుగా పెట్టెలో ఇంటికొస్తుంది. ఆ ముక్కల్ని బిగించడం ‘మోంతే’. ఇల్లు మారేటప్పుడు విడదీస్తే ‘దెమోంతే’, కొత్త ఇంట్లో తిరిగి బిగిస్తే ‘రెమోంతే’. విడదీయడానికి వీలైన మంచం ‘దెమోంతాబ్ల్’. బిగించే పని ‘మోంతాజ్’, బిగించే మనిషి ‘మోంతర్’. నేర్చుకున్న క్రియ ఒకటే, చేతికొచ్చిన మాటలు ఆరు.

ముందు చేరే ‘దె’ చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది, ‘రె’ మళ్లీ చేయిస్తుంది. తర్వాతి ధ్వని అచ్చయితే రెండూ రూపు మార్చుకుంటాయి. ‘అబియే’ అంటే బట్టలు తొడగడం. ‘దె’ మధ్యలో ఒక ‘జ’ తెచ్చుకుని ‘దెజబియే’ అవుతుంది, అంటే బట్టలు విప్పడం. ‘రె’ తన అచ్చును వదులుకుని ‘రబియే’ అవుతుంది, అంటే మళ్లీ తొడగడం. ఈ సంగతి తెలియని విద్యార్థికి ఇవి మూడు వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి.

చివర చేరే ‘ఆబ్ల్’ మన ‘దగిన’ వంటిది. దాన్ని క్రియకు ఎక్కడ అతికించాలన్నదే చిక్కు. ‘మేము’తో వచ్చే వర్తమాన రూపం ఇందుకు దారి చూపిస్తుంది. తాగడం ‘బ్వార్’, మేము తాగుతాం ‘నూ బ్యువోఁ’. చివరి ‘ఓఁ’ తీసి ‘ఆబ్ల్’ పెడితే ‘బ్యువాబ్ల్’, తాగదగినది. చేయడం ‘ఫేర్’, మేము చేస్తాం ‘నూ ఫెజోఁ’, చేయదగినది ‘ఫెజాబ్ల్’. చాలా క్రియలకు ఈ పద్ధతి సరిపోతుంది.

అయితే ‘బ్యువాబ్ల్’ అన్నది నోట పోసుకోగలిగినంత మాత్రమే చెబుతుంది. నీరు సురక్షితమని చెప్పే మాట ‘పొతాబ్ల్’, అది వేరే కుటుంబానిది. కుళాయి మీద ‘నోఁ పొతాబ్ల్’ అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగకూడదు.

ఇలా మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. ‘గార్దే’ అంటే దగ్గర ఉంచుకోవడం. ‘రెగార్దే’ అంటే మళ్లీ ఉంచుకోవడం కాదు, చూడడం. చేతి గడియారానికి కీ ఇవ్వడాన్ని కూడా ‘రెమోంతే’ అనే అంటారు. ఆహారం, విహారం, సంహారం ఒకే ధాతువు నుంచి పుట్టినా ఉపసర్గను బట్టి మాత్రమే వాటి అర్థం ఊహించలేం కదా, ఇదీ అంతే. ‘దె’ విషయంలో రాత కొంత సాయం చేస్తుంది: పనిని తిరగేసే ‘దె’లోని ఈ అక్షరం మీద ఏటవాలు గీత ఉంటుంది. అడగడం అనే అర్థమిచ్చే ‘దెమాందే’ మొదట్లో ఆ గీత లేదు, అక్కడ తిరగేయడమూ లేదు.

కాబట్టి కొత్త మాట ఎదురైతే ముందుదీ చివరిదీ తీసి చూడండి. మిగిలింది తెలిసిన క్రియ అయితే అర్థం ఊహించి, దాన్ని వాక్యంలో పెట్టి చదవండి. పొసగకపోతే నిఘంటువు తెరవండి.