వెతికినవాళ్లకు వీడియో దొరకాలంటే

యూట్యూబ్‌లో పాఠం లాంటి వీడియోకి మూడు చోట్ల రాత ఉంటుంది. పైన శీర్షిక, కింద వివరణ, ఆ వివరణలోనే ఏ నిమిషానికి ఏముందో చెప్పే టైమ్ స్టాంపులు. వెతుకులాటలో వీడియో పైకి రావడానికి చూసేవాళ్లు ఎంతసేపు ఆగారన్నది కూడా ముఖ్యమే. అయితే ముందు ఆ వీడియో దేని గురించో యూట్యూబ్‌కి తెలియాలి. ఆ సంగతి చెప్పేది ప్రధానంగా ఈ రాతే. తెలుగు వీడియోలకు ఇక్కడ ఒక అదనపు చిక్కు ఉంది. ఒకే విషయాన్ని తెలుగువాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు.

ఇళ్ల దగ్గర కుట్టు నేర్చుకునేవాళ్లు చూసే బ్లౌజ్ కటింగ్ వీడియోనే తీసుకుంటే ఈ మూడు రకాలూ కనిపిస్తాయి. ఒకరు ఇంగ్లీషులో `lining blouse cutting in telugu` అని కొడతారు. చివర `in telugu` చేర్చడం బాగా పాతుకుపోయిన అలవాటు. ఇంకొకరు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో `blouse cutting ela cheyali` అని కొడతారు. మూడో మనిషి ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. భాష తెలుగుకి పెట్టి ఉంటే ఆ మాట తెలుగు లిపిలోనే పడుతుంది: ‘లైనింగ్ బ్లౌజ్ కటింగ్ ఎలా చేయాలి’. ఒక లిపిలో వెతికినదాన్ని ఇంకో లిపిలో ఉన్న వీడియోతో యూట్యూబ్ కొంతవరకు కలపగలుగుతుంది. అయితే ప్రతిసారీ కలుపుతుందన్న భరోసా లేదు. అందుకని మూడు రూపాలూ వీడియో రాతలో ఎక్కడో ఒకచోట ఉండాలి. మూడింటినీ శీర్షికలోనే కుక్కాలని చూస్తేనే ఇబ్బంది మొదలవుతుంది.

శీర్షికకు యూట్యూబ్ ఇచ్చే చోటు 100 అక్షరాలు. ఇక్కడ అక్షరం అంటే బడిలో నేర్పిన అక్షరం కాదు. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, సున్నా ఒకటి, అన్నీ విడివిడిగా పడతాయి. ‘బ్లౌజ్’ కంటికి రెండే అక్షరాలు, లెక్కలో మాత్రం ఆరు. ‘లైనింగ్’ మూడులా కనిపిస్తుంది, లెక్కలో ఏడు. తెలుగులో రాసిన శీర్షిక అనుకున్నదానికన్నా ముందే నిండిపోవడానికి కారణం ఇదే. పైగా ఫోన్ తెరమీద వెతికిన ఫలితాల్లో పొడవాటి శీర్షిక తోక తెగిపోతుంది. కాబట్టి అసలు మాట మొదట్లోనే రావాలి.

ఉదాహరణకి 24 నిమిషాల కటింగ్ వీడియో ఒకటి ‘వెరీ ఈజీ మెథడ్!! బిగినర్స్ తప్పక చూడండి’ అనే పేరుతో వచ్చిందనుకుందాం. ఇలాంటి పేర్లు కొల్లలు. ఈ శీర్షికలో బ్లౌజ్ లేదు, కటింగ్ లేదు, సైజు లేదు. వంటకైనా సరిపోతుంది, మేకప్‌కైనా సరిపోతుంది. అప్పటికే ఛానెల్‌ని అనుసరిస్తున్నవాళ్లు నొక్కితే నొక్కుతారు గానీ వెతుక్కుంటూ వచ్చే మనిషికి ఇది దొరకడం కష్టం. అదే వీడియోకి ఇలా పెట్టవచ్చు:

```
లైనింగ్ బ్లౌజ్ కటింగ్ 36 సైజు | Lining Blouse Cutting in Telugu
```

ఇది 63 అక్షరాలు. తెలుగు లిపిలో వెతికినవాళ్లకు మొదటి సగం, ఇంగ్లీషులో కొట్టినవాళ్లకు రెండో సగం పనికొస్తాయి. 36 అన్న అంకె ఇద్దరికీ పనికొస్తుంది. సైజు రాస్తే మిగతా సైజులవాళ్లు రారేమోనన్న భయం ఉంటుంది. రాకపోవచ్చు, కానీ 36 కొలత కావలసినవాళ్లు వచ్చి చివరిదాకా ఉంటారు. పాఠానికి కావలసింది వాళ్లే. తెలుగు ముందా, ఇంగ్లీషు ముందా అన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. కంప్యూటర్ పాఠాల్లాంటి వాటిని ఎక్కువగా ఇంగ్లీషులోనే వెతుకుతారు కాబట్టి అక్కడ ఇంగ్లీషు పేరు ముందుండటమే మేలు. కుట్టు, వంట, సేద్యం లాంటి వాటికి తెలుగు ముందుంటే, ఇది తెలుగు పాఠమేనని చూడగానే తెలుస్తుంది.

జనం అసలు ఏ మాట వాడుతున్నారో ఊహించక్కర్లేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, యూట్యూబ్ వెతికే పెట్టెలో `blouse cutting` అని కొట్టి ఆగితే కింద సూచనలు వస్తాయి. అవన్నీ దాదాపుగా జనం వెతికే మాటలే. తెలుగు లిపిలో ‘బ్లౌజ్’ అని ఒకసారి, ‘జాకెట్’ అని ఒకసారి కొట్టి చూస్తే ఏ మాటకు ఏం తోడవుతోందో తెలుస్తుంది. మామూలు కిటికీలో అయితే సొంత పాత వెతుకులాటలు కూడా కలిసిపోయి తప్పు దారి పట్టిస్తాయి.

వివరణకు 5000 అక్షరాల దాకా చోటుంది. అయినా వీడియో కింద మొదట కనిపించేది ఒకటి రెండు వరుసలే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ మొదటి వరుసల్లో చాలామంది సబ్‌స్క్రైబ్ చేయమనో, ఇన్‌స్టాగ్రామ్ లింకో పెడతారు. అంతకంటే వృథా లేదు. అక్కడ ఉండాల్సింది ఆ వీడియో ఎవరికి, ఏం నేర్పుతుందన్న వాక్యాలు:

```
36 ఛాతీ కొలతకు లైనింగ్ బ్లౌజ్ కటింగ్, ఆది బ్లౌజ్ నుంచి కొలతలు తీసుకుని.
Size 36 lining blouse cutting in Telugu, step by step for beginners.
```

దాని కింద కావలసిన బట్ట ఎంత, లైనింగ్‌ను ముందుగా నీళ్లలో తడిపి ఆరబెట్టాలా, ఏ కొలతకు ఎంత కుట్టు మార్జిన్ కలపాలి లాంటి సంగతులు నాలుగైదు వాక్యాల్లో రాయాలి. ‘ఆది బ్లౌజ్’, ‘చంక రౌండ్’, ‘డాట్లు’, ‘హుక్స్ పట్టీ’ లాంటి కుట్టుపని మాటలు ఇక్కడ వాటంతట అవే వచ్చి పడతాయి. ఇంగ్లీషు అక్షరాల తెలుగుకు కూడా చోటు ఇదే. `Aadi blouse tho kolathalu ela teesukovalo ee video lo chudandi` అనే వాక్యం ఒకటి ఉంటే చాలు. స్పెల్లింగులన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. `jacket`, `jaket`, `kolatalu` లాంటి రూపాలకు టాగ్‌ల పెట్టె ఉంది. టాగ్‌ల ప్రభావం స్వల్పమనీ, జనం తరచు తప్పు స్పెల్లింగుతో వెతికే మాటలకు మాత్రం అవి ఉపయోగపడతాయనీ యూట్యూబే చెబుతుంది. విడి మాటల చిట్టాను వివరణలో గుప్పించడం మాత్రం నిబంధనలకే విరుద్ధం. వీడియోని తీసేసే అవకాశం కూడా ఉంటుంది.

ఇక టైమ్ స్టాంపులు. చాప్టర్ల సదుపాయం 2020లో వచ్చింది. వివరణలో వరుసకు ఒకటి చొప్పున సమయం, దాని పక్కన పేరు రాస్తే వీడియో కింది గీత ముక్కలుగా విడిపోతుంది. కటింగ్ పాఠానికి ఇది వరం. కత్తెర చేతిలో పట్టుకున్న మనిషి చేతుల భాగం కోసం మొత్తం వీడియో మళ్లీ చూడలేరు. వెతుకులాటలో దీనికి ఇంకో ఉపయోగం ఉంది. వివరణలోని ఈ సమయాలనూ పేర్లనూ గూగుల్ కూడా చదువుకుని, తన ఫలితాల్లో వీడియో కింద ముఖ్య ఘట్టాలుగా చూపించగలదు. అంటే ప్రతి చాప్టర్ పేరూ ఒక చిన్న శీర్షికే. ‘పార్ట్ 1’, ‘పార్ట్ 2’ అని రాస్తే ఆ అవకాశం పోయినట్టే.

```
00:00 ఏ బట్ట ఎంత కావాలి
01:40 ఆది బ్లౌజ్ నుంచి కొలతలు | Measurements
05:15 వీపు భాగం కటింగ్ | Back part
09:50 ముందు భాగం, డాట్లు | Front part
15:30 చంక దగ్గర ముడతలు రాకుండా | Armhole
18:05 చేతుల కటింగ్ | Sleeves
```

ఇందులో 15:30 దగ్గర ఉన్న పేరు గమనించదగ్గది. అక్కడ ‘ఆర్మ్ హోల్ షేప్’ అని రాసినా తప్పేం కాదు. కానీ వెతికే మనిషికి ఆర్మ్ హోల్ అన్న మాట తెలియకపోవచ్చు. ఆమెకు తెలిసింది చంక దగ్గర ముడతలు పడుతున్నాయన్న బాధ. దాన్నే ఫోన్‌తో చెబుతుంది. పని పేరుకు బదులు ఇబ్బంది పేరు రాయడం చాప్టర్లలో చెల్లినంత చక్కగా శీర్షికలో చెల్లదు, ఎందుకంటే శీర్షిక వీడియో మొత్తానికి పేరు కావాలి.

చాప్టర్లు పడాలంటే నియమాలు ఉన్నాయి. మొదటి సమయం 00:00 అయి తీరాలి. కనీసం మూడు సమయాలు ఉండాలి, అవి పెరుగుతున్న వరుసలో ఉండాలి, ఏ ముక్కా 10 సెకన్లకు తగ్గకూడదు. ఎక్కువగా తప్పేది మొదటి నియమమే. లోగో, పలకరింపు పోయాక 00:15 నుంచి అసలు పాఠం మొదలైంది కదా అని అక్కడి నుంచి రాస్తారు. అప్పుడు సమయాలు నీలం రంగు లింకులుగా మారతాయి, నొక్కితే ఆ చోటికి వెళ్తాయి కూడా. కానీ కింది గీత ముక్కలు కాదు. లింకులు పనిచేసి గీత విడిపోలేదంటే ముందు ఈ నియమాల్లో ఏది తప్పిందో చూసుకోవాలి. లింకే పడలేదంటే రాతలోనే తేడా ఉంది. 1.40 అని చుక్క పెట్టి రాయడం మనకు అలవాటు, అక్కడ కోలన్ ఉండాలి. ఛానెల్‌పై నిబంధనల ఉల్లంఘనకు పడిన స్ట్రైక్ అమల్లో ఉన్నా చాప్టర్లు రావు. ఇంకో సంగతి, అప్‌లోడ్ అయ్యాక వీడియో మొదట్లో అర నిమిషం కత్తిరిస్తే వివరణలోని సమయాలు వాటంతట అవి మారవు. అన్నీ మళ్లీ చూసి రాసుకోవాల్సిందే.

రెండు భాషల్లో రాయడానికి యూట్యూబ్ స్టూడియోలో వేరే దారి కూడా ఉంది. వీడియో భాష తెలుగు అని పెట్టి, శీర్షికకూ వివరణకూ ఇంగ్లీషు రూపాన్ని విడిగా చేర్చవచ్చు. ఇంగ్లీషు వాడేవాళ్లకు ఇంగ్లీషు శీర్షిక, తెలుగు వాడేవాళ్లకు తెలుగు శీర్షిక కనిపిస్తాయి. వినడానికి శుభ్రంగా ఉంది గానీ ఇక్కడో మెలిక ఉంది. తెలుగువాళ్లలో ఎంతోమంది ఫోన్లు ఇంగ్లీషు భాషలోనే ఉంటాయి. యూట్యూబ్ వాళ్లను ఇంగ్లీషువాళ్లుగానే లెక్కేసి `Lining Blouse Cutting, Size 36` అని చూపిస్తుంది. అది చూసి, ఇదేదో వేరే భాష వీడియో అనుకుని వాళ్లు దాటిపోతారు. విడిగా చేర్చిన ఇంగ్లీషు శీర్షికలో కూడా `in Telugu` అన్న రెండు మాటలు తప్పనిసరిగా ఉండాలి. రాష్ట్రం దాటి, దేశం దాటి పెరిగిన తెలుగు పిల్లల్లో మాట వచ్చి లిపి చదవడం రానివాళ్లకు మాత్రం ఈ ఇంగ్లీషు రూపం నిజంగా అక్కరకొస్తుంది.

రాసింది పనిచేస్తోందా లేదా అన్నది కొన్ని వారాలయ్యాక స్టూడియోలోని అనలిటిక్స్‌లో తెలుస్తుంది. చూసేవాళ్లు ఎటునుంచి వచ్చారో చెప్పే జాబితాలో `YouTube search` తెరిస్తే, ఏ మాటలు కొట్టి ఈ వీడియోకి చేరారో కనిపిస్తుంది. ఊహించని మాట ఒకటి పైనుంటే, ఉదాహరణకి `aadi blouse cutting`, అది శీర్షికలోకి ఎక్కదగ్గదే. తెరమీద చాలాసార్లు కనిపించినా నొక్కేవాళ్లు తక్కువగా ఉంటే వెతికిన మాట శీర్షిక మొదట్లో లేదేమో, థంబ్‌నెయిల్ ఇంకేదో చెబుతోందేమో చూడాలి. వచ్చినవాళ్లు మొదటి నిమిషంలోనే వెళ్లిపోతుంటే లోపం వేరే చోట ఉండవచ్చు. వివరణలో ఆకర్షణ కోసం ‘ప్రిన్సెస్ కట్’ అన్న మాట చేర్చి వీడియోలో అది చూపించకపోతే, ఆ మాట కోసం వచ్చినవాళ్లు ఆగరు. అలాంటి మాటను వివరణలోంచి తీసెయ్యడమో, ప్రిన్సెస్ కట్‌కు విడిగా ఒక వీడియో చెయ్యడమో చెయ్యాలి.