తిథి తెలియని పెద్దలకు ఏ రోజు?

భాద్రపద పున్నమి మర్నాటి నుంచి అమావాస్య దాకా ఉండే బహుళ పక్షమే మహాలయ పక్షం. ఉత్తరాది వాళ్లు నెలను పున్నమితో ముగిస్తారు కాబట్టి ఇదే పక్షాన్ని ఆశ్వయుజంలో లెక్కిస్తారు. పేరు మారినా రోజులు అవే. 2025లో సెప్టెంబరు 21న వచ్చిన మహాలయ అమావాస్య 2026లో అక్టోబరు 10న వస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో తర్వాతి నెలలన్నీ వెనక్కి జరిగాయి.

పండుగలు చాలావరకు సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి చేస్తాం. పితృకార్యానికి ఆ లెక్క చెల్లదు. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. తద్దినానికైనా మహాలయానికైనా ఆ వేళకు తిథి ఉండాలి. 2023 సంగతి చూడండి. హైదరాబాదు లెక్కలో అమావాస్య అక్టోబరు 13 రాత్రి 9:50 ప్రాంతంలో మొదలై 14 రాత్రి 11:25 ప్రాంతంలో ముగిసింది. 14న అపరాహ్ణం సుమారు 1:15 నుంచి 3:35 దాకా. ఆ వేళంతా అమావాస్యే కనుక 14వ తేదీన చేశారు. డాలస్‌లో ఉన్న తమ్ముడికి మాత్రం అదే అమావాస్య 13 ఉదయం 11:20కి వచ్చి 14 మధ్యాహ్నం 12:55కి పోయింది. అక్కడ అపరాహ్ణం దాదాపు 2:20కి గాని మొదలవదు. 14న ఆ వేళకు పాడ్యమి వచ్చేసింది. కాబట్టి నియమం ప్రకారం తమ్ముడి రోజు 13. ఇండియా కేలండర్‌లో తేదీ చూసి అమెరికాలో చేసేవారు పొరబడేది ఇక్కడే. ఉన్న ఊరి పంచాంగం చూసుకోవాలి.

ఇక పెద్దల తిథి. చాలామంది “తిథి తెలియదు” అంటారు గానీ, ఇంగ్లీషు తేదీ, వేళ తెలిస్తే తిథి తెలిసినట్టే. ప్రాణం పోయిన క్షణానికి ఏ తిథి నడుస్తుంటే అదే మరణ తిథి. కేలండర్ గడిలో పెద్దక్షరాలతో వేసేది సూర్యోదయపు తిథి. పక్కనే అది ముగిసే సమయమూ ఉంటుంది, దాన్ని చూడకపోతే లెక్క తప్పుతుంది. ఆ 2023 అక్టోబరు 14నే హైదరాబాదులో రాత్రి 11 గంటలకు ఒకరు పోతే అమావాస్య. 11:40కి పోతే ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, అంటే నెల కూడా మారిపోయింది. అందుకే అమావాస్యకు సరిపెట్టుకునే ముందు ఆస్పత్రి కాగితాలు వెతకమంటాను, ఆ రోజు దగ్గరున్న అత్తయ్యనో బాబాయినో వేళ అడగమంటాను. ఆ సంవత్సరపు పంచాంగం దొరికితే మిగతాది పురోహితులు తేల్చేస్తారు.

మహాలయంలో ఇంకో వెసులుబాటుంది. ఇక్కడ నెలతో, పక్షంతో పనిలేదు. వైశాఖ శుద్ధ పంచమి నాడు పోయినవారికైనా, మాఘ బహుళ పంచమి నాడు పోయినవారికైనా ఈ పక్షంలోని పంచమే. “తాతయ్య ఏకాదశి నాడు పోయారు, ఏ నెలో గుర్తులేదు” అన్న ఇంట్లో కూడా మహాలయానికి అడ్డంకి లేదు. పున్నమి నాడు పోయినవారికి మాత్రం బహుళ పక్షంలో ఆ తిథే ఉండదు, వారికి సాధారణంగా అమావాస్య నాడే చేస్తారు. ముత్తయిదువగా పోయిన తల్లికి నవమి, ప్రమాదాల్లోనో ఆయుధం వల్లనో పోయినవారికి చతుర్దశి ప్రత్యేకం. తిథి బొత్తిగా తెలియనివారికి, పక్షంలో చేయడం కుదరనివారికి అమావాస్య. దానికి సర్వపితృ అమావాస్య అనే పేరు అందుకే. తెలంగాణలో పెత్రామాస అంటారు. పొద్దున పెద్దల పేర బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు.

అయితే మహాలయ అమావాస్య ఏటా పెట్టే తద్దినానికి బదులు కాదు. దాని లెక్క వేరు, అక్కడ నెల కావాలి. నెల తెలిసి తిథి తెలియకపోతే ఆ నెల అమావాస్య నాడు పెట్టాలని నిర్ణయసింధువు వంటి ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. “దీపావళి అయిన కొద్ది రోజులకు, కార్తీకంలోనే” అని మాత్రం గుర్తున్న ఇంట్లో తద్దినం కార్తీక అమావాస్యకు, మహాలయం భాద్రపద అమావాస్యకు. తిథి తెలిసి నెల తెలియకపోతే మార్గశిరంలో గాని మాఘంలో గాని ఆ తిథికి పెడతారు. ఊరు విడిచి వెళ్లి ఎక్కడో పోయినవారి విషయంలో రెండూ తెలియకపోతే, ఇల్లు విడిచి బయలుదేరిన నెల, తిథి తీసుకుంటారు. అదీ గుర్తులేకపోతే పోయారన్న కబురు చెవిన పడిన రోజే వారి తిథి.